రోడ్డు పక్క చెరకు రసం: భయపడాల్సింది చెరకుకా, ఐసుకా?

సింధు_గుంటూరు
నాన్నగారికి కామెర్లు. రక్తపరీక్షలో హెపటైటిస్ ఎ అని తేలింది. చూడ్డానికి వచ్చిన చుట్టాలందరూ రోజుకు రెండు గ్లాసుల చెరకు రసం పట్టమంటున్నారు. మా వీధి చివర బండి ఉంది. అక్కడిది తెచ్చి ఇవ్వొచ్చా? ఆ మాటకొస్తే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళైనా రోడ్డు మీద తాగొచ్చా? “ఏం కాదు”, “అస్సలొద్దు” అని వదిలేయకుండా, ఏది ఎందుకు ప్రమాదమో తెలిసినవాళ్ళు చెప్పండి.

కోనసీమ కుర్రోడు
కళ్ళ ముందే పిండిన రసంలోకి క్రిములు ఎక్కడి నుంచి వస్తాయండీ? గడ లోపలున్న రసాన్ని ఎవరూ ముట్టుకోరు కదా. పైగా నిమ్మకాయ, అల్లం వేస్తారు. నిమ్మ పులుపుకి ఏ క్రిమీ బతకదు. మిగిలింది ఏదన్నా ఉంటే ఐసు చలికి చస్తుంది. పిండి పక్కన పెట్టింది తాగకుండా ఉంటే చాలు.

ల్యాబ్ సత్యం
కుర్రోడు గారు చెప్పినదాంట్లో మొదటి ముక్క, చివరి ముక్క సరైనవే. మధ్యలోవే తేడా.

బాగున్న గడ లోపల మనకు టైఫాయిడో కామెర్లో తెచ్చేవి ఉండవు. కానీ గ్లాసులోకి దిగేది గడ లోపలి రసం ఒక్కటే కాదు. కణుపుల దగ్గర అంటుకున్న మట్టి, చెక్కు తీశాక గడను ముంచిన బకెట్టు నీళ్ళు, రోలర్ల సందుల్లో పొద్దుటి నుంచి ఆరిన రసం, వడకట్టే గుడ్డ, ఐసు, గ్లాసు కడిగిన నీళ్ళు, డబ్బులు లెక్కపెట్టిన చెయ్యి, ఇవన్నీ కలిసి వస్తాయి. ఇందులో ఎక్కువ భాగం నీళ్ళే. అందుకే బండి ఎంత తళతళలాడుతోందో చూసే ముందు నీళ్ళు ఎక్కడివో చూడాలి.

నిమ్మ సంగతి. చెరకు రసం పీహెచ్ ఐదు పైచిలుకు ఉంటుంది. అంటే పెద్దగా పుల్లనిది కాదు, పైగా నిండా తీపి. సూక్ష్మజీవులకు ఇంతకన్నా మంచి చోటు దొరకదు. నిమ్మకాయ పిండితే పులుపు పెరిగి బ్యాక్టీరియా పెరుగుదల నెమ్మదిస్తుంది, ఆ మేరకు లాభమే. కానీ పులుపు వాటిని చంపాలంటే గంటలు పడుతుంది, మనం రెండు నిమిషాల్లో తాగేస్తాం. హెపటైటిస్ ఎ వైరస్ అయితే మన కడుపులోని ఆమ్లాన్నే తట్టుకుని పేగుల్లోకి వెళ్ళే రకం. దానికి అరచెక్క నిమ్మకాయ ఒక లెక్కా?

ఐసు సంగతి ఇంకా తలకిందులు. చలికి సూక్ష్మజీవి పెరగదు, అంతే. చావదు. నీళ్ళలో ఉన్న వైరస్ ఐసుగడ్డలో భద్రంగా ఉంటుంది. గ్లాసులో మూడో వంతు ఐసు కరిగిందంటే, ఆ ఐసు చేసిన నీళ్ళు మూడో వంతు తాగినట్టే.

జహీరాబాద్ చెరుకు
సత్యం సార్ నీళ్ల ముచ్చట మంచిగ చెప్పిండు. గడ ముచ్చట నేను చెప్త. చెరుకు కొట్టినంక రెండు రోజుల్లోనే రసం తీరు మారుతది. కొట్టిన కొస దగ్గర నుంచే పుల్లవడుడు మొదలైతది. ఎండల నాలుగైదు రోజులు పెట్టిన గడ పిండితే రసం జిగటగ వస్తది, కల్లు లెక్క వాసన కొడ్తది. బండోళ్లు కొసలు ఎండిపోయినా గడ మొత్తం మిషన్ల పెడ్తరు. రెండు దిక్కులా జానెడు కోసి పారేసేటోడు మంచోడు అనుకోండ్రి.

ఇంకోటి ఎర్రకుళ్లు. గడను నిలువున చీరితే లోపల ఎర్రగ, నడుమ నడుమ అడ్డంగ తెల్ల మచ్చలుంటయ్. సారాయి వాసన వస్తది. అసుంటి గడ ఫ్యాక్టరీకి వోతే చక్కెర తక్కువైతది, మాకు నష్టం. బండి కాడికి వోతే ఎవలు చూస్తరు? మిషన్ల పెట్టంగ చీలిన మొదలు దిక్కు చూడుండ్రి. ఎర్రగ కనవడ్తే వద్దనుండ్రి.

ల్యాబ్ సత్యం
ఆ జిగటకు కారణం ల్యూకోనోస్టాక్ అనే బ్యాక్టీరియా. చక్కెరను డెక్స్‌ట్రాన్ అనే బంకలా మారుస్తుంది. అది నేరుగా పెద్ద జబ్బేమీ తేదు. కానీ రసం సాగుతోందంటే గడ పాతదనో, యంత్రం కడగలేదనో సాక్ష్యం దొరికినట్టే. అక్కడ ఇంకేం పెరిగాయో తెలియదు కాబట్టి వదిలేయడం మేలు.

రంగు చూసి మాత్రం కంగారు పడకండి. పిండిన కాసేపటికి పచ్చదనం పోయి గోధుమ రంగుకు తిరగడం సహజం. కోసిన ఆపిల్ నల్లబడడం లాంటిదే. కడుపు చెడగొట్టేది ఆ రంగు కాదు. అయితే పిండి ఎంతసేపైందో ఊహించడానికి పనికొస్తుంది. మే నెల ఎండలో గిన్నెలో పెట్టిన రసంలో కొన్ని బ్యాక్టీరియాలు అరగంటకోసారి రెట్టింపు కాగలవు. రెండు గంటలంటే నాలుగు రెట్టింపులు, పదహారింతలు. వైరస్‌ల లెక్క వేరు, అవి రసంలో పెరగవు. ఎన్ని పడ్డాయో అన్నే ఉంటాయి, కానీ వాటికి అన్ని చాలు. అందుకే “అప్పుడే పిండారు” అన్న ధైర్యం బ్యాక్టీరియా దగ్గర కొంత పనిచేస్తుంది, కామెర్ల దగ్గర అస్సలు పనిచేయదు.

షుగర్ 60
నాకు షుగరు ఉంది, మాత్రలు వేసుకుంటున్నాను. చెరకు రసం సహజమైన తీపి కాబట్టి సేఫ్ అని మా వాకింగ్ మిత్రులు అంటున్నారు. రోజు విడిచి రోజు తాగొచ్చా?

జనరల్ వార్డు
మీరడిగింది వేరే ప్రశ్న అయినా చెప్తాను. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో చెరకు రసం పేరెత్తి మరీ హెచ్చరించారు. 100 మిల్లీలీటర్లకు 13 నుంచి 15 గ్రాముల చక్కెర. బండి దగ్గరి 250 మిల్లీలీటర్ల గ్లాసులో ఐసు పోను 200 రసం అనుకున్నా 26 నుంచి 30 గ్రాములు, అంటే ఐదారు చెంచాల పంచదార. సహజమైనదైనా కాకపోయినా రక్తంలోకి చేరేది అదే చక్కెర. బండి ఎంత శుభ్రంగా ఉన్నా మీకు వద్దు.

ఇక సింధు గారూ. నాన్నగారి విషయంలో నన్ను ఆపేది చెరకు కాదు, బండి. హెపటైటిస్ ఎ కి ప్రత్యేకమైన మందు లేదు. కాలేయం తనంతట తాను కోలుకునేదాకా విశ్రాంతి, తగినంత నీళ్ళు, సయించిన తిండి. వాంతులతో అన్నం లోపలికి పోనప్పుడు తీపి తాగితే కొంత బలం వస్తుంది. చెరకు రసానికి కామెర్ల మందని పేరు రావడానికి ఈ లాభమే కారణమని నా ఊహ. దానికి ఇంట్లో కాచి చల్లార్చిన నీళ్ళలో బెల్లమో పంచదారో కలిపినా అంతే పని జరుగుతుంది. ఇప్పటికే నీరసించిన మనిషికి బండి ఐసుతో టైఫాయిడో విరేచనాలో తెచ్చిపెట్టడం ఎందుకు? ఒకసారి ఎ వచ్చాక మళ్ళీ ఎ రాదు కానీ, అదే నీటి దారిలో వచ్చే హెపటైటిస్ ఇ రావచ్చు.

పసరు మందు మాత్రం ఎవరు చెప్పినా పట్టొద్దు. పారాసిటమాల్ కూడా మీ డాక్టరును అడక్కుండా వేయొద్దు. మత్తుగా ఉండడం, మాట తడబడడం, చిగుళ్ళ నుంచి రక్తం కారడం, వాంతులు ఆగకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

సింధు_గుంటూరు
చాలా థాంక్స్ అండి. ఇంకో సందేహం. కళ్ళు పచ్చబడింది ఏప్రిల్ 20న. అంతకు ముందు రోజే ఆయన ఆ బండి దగ్గర రసం తాగారు. అమ్మ ఆ బండివాడితో గొడవకు దిగింది. నిజంగా వాడిదేనా తప్పు?

జనరల్ వార్డు
ముందు రోజు తాగిన గ్లాసుది కాదు, అంత వరకు గట్టిగా చెప్పొచ్చు. జ్వరం, తిండి సయించకపోవడం ఎప్పుడు మొదలయ్యాయి?

సింధు_గుంటూరు
14 నుంచి.

జనరల్ వార్డు
అయితే 14 నుంచి వెనక్కి లెక్కపెట్టండి. ఎ వైరస్ ఒంట్లోకి వెళ్ళాక లక్షణాలు కనిపించడానికి 15 నుంచి 50 రోజులు పడుతుంది. అంటే ఫిబ్రవరి 23కూ మార్చి 30కీ మధ్య ఆయన తిన్నదో తాగినదో కారణం. ఆ ఐదు వారాల్లో ఆయన తాగిన నీళ్ళు, పెళ్ళి భోజనాలు, పానీపూరీలు అన్నీ లెక్కలోకి వస్తాయి. అందులో ఈ బండి కూడా ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఈ జబ్బుతో వచ్చిన చిక్కే ఇది. రసం తాగిన రాత్రి కడుపు బాగుంటే “ఈ బండి మంచిదే” అని జనం తీర్మానించేస్తారు. నెల తర్వాత కళ్ళు పచ్చబడితే ఆ గ్లాసు ఎవరికీ గుర్తుకు రాదు.

బండివాడి వైపు నుంచి కూడా చూడండి. జబ్బు పడిన మనిషి మలంలో వైరస్ ఎక్కువగా పోయేది కళ్ళు పచ్చబడడానికి ముందు రెండు వారాల్లో. అప్పటికి తనకు జబ్బుందని అతనికే తెలియదు. చెయ్యి సబ్బుతో కడుక్కోకుండా గ్లాసు అందిస్తే చాలు. మీ ఇంట్లో కూడా ఇదే వర్తిస్తుంది. నాన్నగారు వాడే మరుగుదొడ్డి దగ్గర సబ్బు ఉంచండి, మీకు టీకా వేయించుకోవాలా అని డాక్టరును అడగండి. ఇంట్లో గర్భిణి ఎవరైనా ఉన్నారా? వచ్చింది ఇ కాకుండా ఎ కాబట్టి కొంత నయం. ఇ అయితే చివరి మూడు నెలల్లో ఉన్నవాళ్ళకు ప్రాణం మీదికి వస్తుంది.

కోనసీమ కుర్రోడు
సరే, నిమ్మకాయ దగ్గర ఓడిపోయాను. కానీ వాట్సాప్‌లో ఇంకోటి తిరుగుతోంది. చెరకుతో పాటు పురుగు నలిగి రసంలో కలిసి, బ్రెజిల్‌లో జనం చచ్చిపోయారట. మన దగ్గర కూడా జాగ్రత్త అంటున్నారు. అదీ అబద్ధమేనా?

ల్యాబ్ సత్యం
బ్రెజిల్‌లో జరిగింది నిజమే. 2005లో శాంటా కటరీనా రాష్ట్రంలో రోడ్డు పక్క చెరకు రసం తాగినవాళ్ళకు చాగస్ జబ్బు సోకింది, కొందరు చనిపోయారు. ఆ జబ్బును మోసే నల్లి లాంటి పురుగు గడతో పాటు నలిగి ఉంటుందని తేల్చారు. కానీ ఆ జబ్బు తెచ్చే పరాన్నజీవి ఉండేది అమెరికా ఖండాల్లో. మన చెరకులో పురుగు నలిగితే అసహ్యమే తప్ప చాగస్ రాదు. చైనాలో చలికాలమంతా నిలవబెట్టి బూజు పట్టిన చెరకు తిని పిల్లలు నరాల జబ్బుతో చనిపోయిన సంగతి కూడా నిజమే. మన బండ్లకు గడ నెలల తరబడి నిలవ ఉండదు కాబట్టి ఆ భయం ఇక్కడ తక్కువ. అయినా బూజు వాసన వచ్చే గడను “పైన చెక్కేస్తే సరిపోతుంది” అనుకోకండి, ఆ విషం లోపలికి పాకి ఉంటుంది, కాచినా పోదు.

బండి బాబాయి
బెజవాడలో నాకు రెండు బండ్లున్నాయి. అందరూ మమ్మల్నే అంటున్నారు కాబట్టి మా వైపు మాట కూడా వినండి. ఐసు లేకుండా ఇస్తే మే నెలలో ఎవడూ తాగడు. ఐసు మేం తయారు చెయ్యం, దిమ్మ కొనుక్కుంటాం. చేపల వాళ్ళకి వెళ్ళే దిమ్మ, మాకొచ్చే దిమ్మ ఒకే ట్రాలీలో వస్తాయి. ఊకలోనో గోనెపట్టాలోనో చుట్టి రోడ్డు మీద దించి పోతాడు. ఏది తినేదో నాకేం తెలుస్తుంది?

ల్యాబ్ సత్యం
బాబాయి గారూ, మీరు చెప్పిందే అసలు చిక్కు. తినడానికి కాని ఐసుకు నీలం రంగు కలపాలని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2018లో చెప్పింది. కాబట్టి నీలంగా ఉన్న దిమ్మ కచ్చితంగా తీసుకోవద్దు. తెల్లగా ఉన్నంత మాత్రాన తినేదని నమ్మకమూ లేదు, రంగు కలపనివాళ్ళు ఉంటారు.

చేయగలిగినది ఒకటుంది. దిమ్మ ఐసును రసంలో వేయకండి, రసం పాత్ర చుట్టూ వేయండి. మూతున్న స్టీలు క్యాను ఒకటి పెద్ద డబ్బాలో నిలబెట్టి, చుట్టూ ఐసు ముక్కలు, గుప్పెడు ఉప్పు. రసం నేరుగా క్యానులోకి పడితే పది, పదిహేను నిమిషాల్లో చల్లబడుతుంది. ఒకసారి రెండు మూడు లీటర్లకు మించి పట్టకండి, అది అయిపోయాకే మళ్ళీ. కుళాయి పెట్టుకుంటే చెయ్యి ముంచే పని ఉండదు. కరిగిన నీళ్ళు మాత్రం గ్లాసులు కడగడానికి వాడకండి, అది చాలామంది చేస్తారు.

బండి బాబాయి
ఐసు కలపకపోతే గ్లాసుకి రసం ఎక్కువ పోతుంది. ఆ లెక్క ఎవడిస్తాడు? రేటు ఐదు రూపాయలు పెంచితే పక్క బండికి పోతారు.

జహీరాబాద్ చెరుకు
గది నిజమే అన్నా. గిరాకీ అడుగుతనే మారుతది. “ఐసు వద్దు, ఐదు రూపాయలు ఎక్కువ ఇస్త” అని ఒక్కడన్న అనాలె.

న్యూజెర్సీ రవి
జులైలో పిల్లలతో హైదరాబాదు వస్తున్నాం. స్టీలు బాడీతో, అద్దం మూతతో ఉండే కొత్త రకం మిషన్లు వచ్చాయి కదా. అక్కడైతే పిల్లలకు ఇప్పించొచ్చా?

ల్యాబ్ సత్యం
మూసిన యంత్రంతో ఈగలు, దుమ్ము తగ్గుతాయి. గేర్ల గ్రీజు కారి రసంలో నల్ల చుక్కలు పడే బెడద కూడా తక్కువ. కానీ లోపల కనిపించదు కాబట్టి కడగకపోయినా తెలియదు. రోలర్ల కింద రసం పడే పళ్ళెం బయటికి ఊడి వస్తుందా అని అడగండి. ఊడని పళ్ళెం మూలల్లో పిప్పి ఇరుక్కుని పులుస్తుంది. నా వరకు పాత ఇనుప రోలర్లైనా కళ్ళ ముందు కడిగే బండినే ఎంచుకుంటాను.

జనరల్ వార్డు
ఇక్కడ సత్యం గారితో నేను ఏకీభవించను. కళ్ళ ముందు కడిగేది కూడా ఆ బకెట్టు నీళ్ళతోనేగా. పిల్లల విషయంలో నేనైతే మూసిన యంత్రం, ఐసు లేకుండా, మనం తెచ్చుకున్న గ్లాసు, ఈ మూడూ కుదిరితేనే. రవి గారూ, మీ పిల్లలకు హెపటైటిస్ ఎ టీకా ఇప్పటికే పడి ఉండొచ్చు, అక్కడ చిన్నతనంలోనే ఇస్తారు. చీటీ చూసుకోండి. టైఫాయిడ్ టీకా గురించి మాత్రం ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందే డాక్టరును అడగండి. టీకాలు వేయించుకున్నా మామూలు విరేచనాలు ఆగవని గుర్తుంచుకోండి.

కోనసీమ కుర్రోడు
ఇంటికి తెచ్చి కాచి తాగితే?

ల్యాబ్ సత్యం
పొంగు వచ్చాక ఒక నిమిషం మరిగితే బ్యాక్టీరియా, వైరస్ రెండూ పోతాయి. కాకపోతే రుచి కూడా పోయి బెల్లం పానకం అవుతుంది. అంతకన్నా గడలే కొనుక్కోవడం నయం. కుళాయి కింద బ్రష్షుతో రుద్ది, కొసలు కోసి, చెక్కు తీసి, ముక్కలు చేసి ఫ్రిజ్‌లో గంట పెట్టండి. మిక్సీలో వేసి కాచి చల్లార్చిన నీళ్ళు కొద్దిగా పోసి, శుభ్రమైన గుడ్డలో పిండితే ఐసు అక్కరే ఉండదు. మిక్సీకి వేసేటప్పుడు ముక్కలు బొటనవేలు గోరంత చిన్నవిగా ఉండాలి, లేకపోతే పీచు బ్లేడుకు చుట్టుకుని మోటారు వేడెక్కుతుంది.

బండి బాబాయి
సత్యం గారూ, ఒక్క మాట. మిషన్ కడగడానికి వేడినీళ్ళు రోడ్డు మీద దొరకవు. బ్లీచింగ్ పౌడర్ వాడమంటే ఎంత వెయ్యాలి? ఒకసారి వేస్తే రోలర్లు తుప్పు పట్టాయి, రసంలో ఆ వాసన కూడా వచ్చింది.

ల్యాబ్ సత్యం
ఎక్కువ వేసి ఉంటారు. పది లీటర్ల నీళ్ళకు తాజా పౌడరు మూడు గ్రాములు, అంటే చిన్న చెంచాడు మించకూడదు. డబ్బా మూత తెరిచి నెలలు అయిందంటే బలం తగ్గి ఉంటుంది, కొత్తది కొనండి. కలిపాక తేరనిచ్చి పైతేట మాత్రమే తీసుకోండి, అడుగున ఉండే సున్నం రోలర్ల గాళ్ళలో పేరుకుంటుంది.

ముందు పిప్పి మొత్తం దులిపి, మంచినీళ్ళు పోస్తూ గట్టి బ్రష్షుతో రోలర్లు, పళ్ళెం, మూతి రుద్దాలి. చక్కెర జిడ్డు ఉండగా క్లోరిన్ పోస్తే ఆ జిడ్డు మీదే ఖర్చైపోతుంది, క్రిముల దాకా రాదు. జిడ్డు పోయాక ఈ నీళ్ళు పోసి రెండు నిమిషాలు ఉంచి, మళ్ళీ తాగే నీళ్ళతో కడిగేయండి. రాత్రంతా వదిలేస్తే ఇనుము తుప్పు పడుతుంది. కడిగాక రోలర్లను పొడి గుడ్డతో తుడిచి కాసేపు ఎండనివ్వండి. పొద్దున మొదటి రెండు గడల రసం పారబోయండి. మధ్యలో గిరాకీ తగ్గినప్పుడు, అంటే రెండు మూడు గంటలకోసారి, బ్రష్షు, నీళ్ళు మాత్రం తప్పకూడదు. వడకట్టే గుడ్డ మాత్రం తీసేసి స్టీలు జల్లెడ పెట్టండి. గుడ్డను ఎన్నిసార్లు పిండినా తడి ఆరదు.

బండి బాబాయి
జల్లెడకి సన్న పీచు ఆగదు. గిరాకీ గొణుగుతుంది.

ల్యాబ్ సత్యం
ఒకదానిమీద ఒకటి రెండు పెట్టండి, పైన టీ వడపోత అంత, కింద పిండి జల్లెడ అంత సన్నది. కిందది అరగంటకోసారి తిరగేసి కొట్టి కడగాలి, లేకపోతే మూసుకుపోయి రసం పక్కల నుంచి పొర్లుతుంది.